మన వేతనమే మనకు సదుపాయమా?
మీల్ కార్డు, పెట్రోలు, ఫోను భత్యాల పథకాలను గురించి

ప్రతి ఆర్థిక సంవత్సరం ఆరంభంలోనూ కార్యాలయాలలోని ఉద్యోగుల ముందుకు ఒక పట్టిక వస్తున్నది. దానికి యాజమాన్యాలు పెట్టిన పేరు ‘ఫ్లెక్సిబుల్ బెనిఫిట్ ప్లాన్’. ఉద్యోగి తన జీతంలో కొంత భాగాన్ని భోజన కార్డుకు ఎంత, పెట్రోలుకు ఎంత, ఫోను బిల్లుకు ఎంత అని తానే పంచుకొని సంతకం చేయవలె. ఒకప్పుడు ఈ పద్ధతి పెద్ద కంపెనీల అధికారులకే పరిమితమై వుండేది. ఇప్పుడు అది బెంగుళూరు, హైదరాబాదు, పుణె, చెన్నై నగరాలలోని సాఫ్ట్‌వేరు, కాల్ సెంటర్, బ్యాంకింగు సేవా సంస్థలలో నెలకు 30 వేల రూపాయల జీతగాండ్ల వరకూ దిగివచ్చింది. మా సమాఖ్యకు అనుబంధమైన సంఘాల వద్దకు ఈ పట్టికలు పట్టుకొని వచ్చి, “ఇందులో మాకు లాభమా, నష్టమా?” అని అడిగే యువ ఉద్యోగుల సంఖ్య పెరుగుతున్నది. వారికి సూటిగా సమాధానం చెప్పడం సంఘాల విధి అని మేము భావిస్తున్నాము.

మా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పివేస్తాము. ఈ పథకంలో యాజమాన్యం క్రొత్తగా ఇచ్చేది ఏమీ లేదు. ఇవ్వవలసిన వేతనాన్నే కొన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలకు సదుపాయాలని పేరు పెట్టి, వాటిని ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, ఓవర్‌టైము లెక్కల నుండి తప్పించడమే ఇందులోని అసలు విషయం. పన్ను ఆదా అనేది ఆ పనికి పైన కప్పిన దుప్పటి మాత్రమే. అధిక జీతాల వారికి ఆ దుప్పటి క్రింద కొంత వెచ్చదనం వుండవచ్చు. సామాన్య ఉద్యోగికి అదీ లేదు. ఎందువలన లేదో లెక్క వేసి చూద్దాము.

ఒక ఉద్యోగి లెక్క

హైదరాబాదులో మాదాపూర్ ప్రాంతంలో ఒక సేవా సంస్థలో పనిచేసే ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాము. ఈ అంకెలు ఏ ఒక్క సంస్థవీ కావు. విషయం తేటపడడానికి మేము వేసుకొన్నవి. అయితే ఇటువంటి పే స్లిప్పును మన సభ్యులలో అనేకులు చూచియే వుంటారు.

ఆయనకు నెలకు మొత్తం 30,000 రూపాయలు. అందులో మూలవేతనం 10,500. ఇంటి అద్దె భత్యం 4,200. మీల్ కార్డు 2,200. పెట్రోలు 1,800. ఫోను 1,000. మిగిలిన 10,300 రూపాయలకు ‘స్పెషల్ అలవెన్సు’ అని పేరు. యాజమాన్యం చెల్లించే ప్రావిడెంట్ ఫండ్ వాటాను ఈ మొత్తంలో మేము చేర్చలేదు.

మీల్ కార్డుకు సరిగ్గా 2,200 అనే అంకె ఎక్కడి నుండి వచ్చింది? ఆ సంస్థ ఉద్యోగి ఆకలిని కొలిచి దానిని నిర్ణయించలేదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి వర్తించిన ఆదాయపు పన్ను నియమాల ప్రకారం, తినుబండారాల దుకాణాలలో మాత్రమే చెల్లే కూపన్ల రూపంలో యజమాని ఇచ్చే భోజనం విలువ పూటకు 50 రూపాయల వరకు పన్నుకు లోబడదు. రోజుకు రెండు పూటలు, నెలకు 22 పనిదినాలు అనుకొంటే 2,200 అవుతుంది. కాగా, ఈ మినహాయింపు పాత పన్ను విధానాన్ని ఎన్నుకొన్న వారికే. క్రొత్త పన్ను విధానంలో వున్న ఉద్యోగికి కూపన్ల మినహాయింపు వర్తించదని ఆ నియమాలలోనే స్పష్టంగా వున్నది. 2023-24 నుండి క్రొత్త విధానమే సహజంగా వర్తించే విధానమైంది. పాతది కావలెనన్నవారు ప్రత్యేకంగా కోరుకోవలె.

ఇప్పుడు మన ఉద్యోగి సంగతి చూడండి. ఆయన సంవత్సరాదాయం 3,60,000 రూపాయలు. 2025-26లో క్రొత్త విధానం క్రింద, పన్నుకు లోబడే ఆదాయం 12 లక్షల వరకు వున్నవారికి రిబేటు వలన పన్ను లేదు. పాత విధానం తీసుకొన్నా, ప్రామాణిక తగ్గింపు 50,000 పోగా మిగిలేది 3,10,000. అక్కడ 5 లక్షల వరకు రిబేటు వున్నది కనుక మళ్లీ పన్ను లేదు. అనగా మీల్ కార్డు తీసుకొన్నా, తీసుకొనకపోయినా, పెట్రోలు బిల్లులు సమర్పించినా, సమర్పించకపోయినా ఆయన కట్టవలసిన పన్ను సున్నయే. కట్టని పన్నును ఆదా చేయడం ఎవరి తరం? ఈ పథకం వలన ఆయనకు మిగిలేది ఒక్క రూపాయి కూడా లేదు.

అదే సంస్థలో పాత విధానంలో కొనసాగుతూ, 30 శాతం పన్ను శ్రేణిలో వున్న అధికారి సంగతి వేరు. సంవత్సరానికి 26,400 రూపాయల మీల్ కార్డు మీద సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున ఆయనకు సుమారు 8,237 రూపాయల పన్ను మిగులుతుంది. సర్కారు ఖజానా వదులుకొన్న సొమ్ము పెద్ద జీతం వారికి చేరుతున్నది, చిన్న జీతం వానికి చేరడం లేదు. అయినా ‘అందరికీ పన్ను ఆదా’ అని ఒకే ప్రకటన పత్రాన్ని ఇద్దరి చేతా చదివించి, ఒకే ఫారం మీద ఇద్దరి సంతకాలూ తీసుకొంటున్నారు.

నష్టం ఎక్కడ దాగి వున్నది?

లాభం లేకపోతే పోనీ, నష్టమైనా లేదు గదా అని కొందరు అంటారు. నష్టం ఈ నెల పే స్లిప్పులో కనిపించదు. అది ఉద్యోగం విడిచిపెట్టే నాడు, ఓవర్‌టైము లెక్క కట్టే నాడు, ప్రావిడెంట్ ఫండ్ పాసు పుస్తకం చూచుకొన్న నాడు బయటపడుతుంది.

గ్రాట్యుటీ లెక్క మన సభ్యులకు తెలిసినదే. చివరగా పొందిన నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించవలె. ఇందులో కీలకమంతా ‘వేతనం’ అనే ఒక్క మాటలో వున్నది. మన ఉద్యోగి మూలవేతనం 10,500 మాత్రమే వేతనమని యాజమాన్యం లెక్క వేస్తే, సంవత్సరానికి 6,058 రూపాయల గ్రాట్యుటీ వస్తుంది. స్పెషల్ అలవెన్సును కూడా వేతనంగా కలిపితే 20,800 అవుతుంది. అప్పుడు సంవత్సరానికి సరిగ్గా 12,000 రూపాయలు. పది సంవత్సరాల సర్వీసుకు ఒక లెక్క ప్రకారం 60,577, మరొక లెక్క ప్రకారం 1,20,000. పేరు మార్చినంత మాత్రాన సగం సొమ్ము మాయమైంది. పైగా గ్రాట్యుటీని చివరి నెల వేతనం మీద కడతారు గనుక, జీతం పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది.

ప్రావిడెంట్ ఫండ్ సంగతి కూడా ఇంతే. 10,500 మీద 12 శాతం అంటే యాజమాన్యం వాటా 1,260. స్పెషల్ అలవెన్సును కలిపి, 2014 సెప్టెంబరులో నిర్ణయించిన 15,000 రూపాయల పరిమితి వరకు లెక్క కట్టినా ఆ వాటా 1,800 అవుతుంది. నెలకు 540 రూపాయలు, సంవత్సరానికి 6,480 రూపాయలు, వడ్డీ గాక, ఉద్యోగి ఖాతాకు చేరకుండా పోతున్నవి.

చట్టం ఏమంటున్నది?

ఇది క్రొత్త తగాదా కాదు. వేతనాన్ని భత్యాలుగా చీల్చి ప్రావిడెంట్ ఫండ్ తగ్గించడం పారిశ్రామిక సంస్థలకు పాత అలవాటే. సుప్రీం కోర్టు 1962లో బ్రిడ్జి అండ్ రూఫ్ కంపెనీ కేసులో ఒక సూత్రాన్ని చెప్పింది. దానినే అనుసరించి 2019 ఫిబ్రవరి 28న వివేకానంద విద్యామందిర్ కేసులో తీర్పు ఇచ్చింది. అందరికీ, తప్పనిసరిగా, మామూలుగా చెల్లించే భత్యం ఏ పేరుతో వున్నా అది మూలవేతనంలో భాగమేననీ, ప్రావిడెంట్ ఫండ్ తప్పించుకొనడానికి వేసిన వేషం చెల్లదనీ ఆ తీర్పు సారాంశం. అధిక ఉత్పత్తికి ముడిపెట్టినవీ, ఒకరికి వుండి ఒకరికి లేనివీ, ఒక అవకాశాన్ని ప్రత్యేకంగా వినియోగించుకొన్న వారికి మాత్రమే చెల్లించేవీ దానిలో చేరవు.

మన సోదరులు ఈ చివరి మాటను జాగ్రత్తగా గమనించవలె. ‘అవకాశాన్ని వినియోగించుకొన్న వారికి’ అన్న మినహాయింపు యాజమాన్యాల న్యాయవాదులకు ఒక దారి చూపింది. భత్యాన్ని అందరికీ ఒకే విధంగా ఇస్తే అది వేతనమైపోతుంది. ఉద్యోగి చేతనే ‘నాకు ఇంత మీల్ కార్డు, ఇంత పెట్రోలు కావలె’ అని వ్రాయించుకొంటే, ఇది అతడు ఎన్నుకొన్న అవకాశమని వాదించవచ్చు. ఉద్యోగికి ఇచ్చిన ‘స్వేచ్ఛ’ ఇందుకు ఉపయోగపడుతున్నది. పట్టిక మీద ఆయన పెట్టే సంతకం, రేపు ఆయన దావా వేసిన నాడు యాజమాన్యం చేతిలో సాక్ష్యమవుతుంది.

ఈ వాదం నిలబడదని మా అభిప్రాయం. ఎన్నుకొనే అవకాశం దేనిలో? మొత్తం 30,000లో ఒక్క రూపాయి కూడా మారడం లేదు. మీల్ కార్డు వద్దన్నవానికి ఆ 2,200 రూపాయలు స్పెషల్ అలవెన్సుగా చేరుతున్నవి. అందరికీ, తప్పనిసరిగా, నెలనెలా చేరే సొమ్ము అది. ఏ సంచిలో వేసి ఇవ్వవలెనన్నదే ఉద్యోగిని అడుగుతున్నారు. సంచి మారినంత మాత్రాన సరుకు మారదు.

భోజనానికి సంబంధించి 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టంలో మరొక విశేషం వున్నది. ఆ చట్టం 2(బి) విభాగం మూలవేతనం నుండి ఆహార రాయితీ నగదు విలువను మినహాయించింది. యాజమాన్యాలు అక్కడి వరకే చదివి ఆపుతున్నారు. కాని చందా ఎంత కట్టవలెనో చెప్పే 6వ విభాగం వివరణలో, కరువు భత్యమంటే అందులో ఆహార రాయితీ నగదు విలువ కూడా చేరివున్నట్లే భావించవలెనని వ్రాసి వున్నది. చందా మూలవేతనం మీదనే గాక కరువు భత్యం మీద కూడా కట్టవలె. కావున ఒక తలుపు గుండా బయటికి పంపిన దానిని చట్టమే మరొక తలుపు గుండా లోనికి తెచ్చింది. సంఘాలు ఈ రెండు విభాగాలనూ కలిపి చూపి వాదించవలె.

క్రొత్త నిర్వచనం, క్రొత్త ఎత్తుగడ

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. వాటి పట్ల కార్మిక సంఘాల అభ్యంతరాలు అనేకం. వాటిని ఇక్కడ చర్చించబోము. వేతనాల స్మృతిలోని వేతన నిర్వచనం మాత్రం ఈ విషయానికి ముఖ్యం. గ్రాట్యుటీకి, ఓవర్‌టైముకు ఆధారం ఇక అదే.

ఆ నిర్వచనం ప్రకారం జీతంగా, భత్యంగా, మరే విధంగానైనా చెల్లించే ప్రతిఫలమంతా వేతనమే. దాని నుండి కొన్నింటిని పేరు పెట్టి మినహాయించారు. ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, ఉద్యోగ స్వభావాన్ని బట్టి ఉద్యోగికి అయ్యే ప్రత్యేక ఖర్చు, ఓవర్‌టైము, కమీషన్ మొదలైనవి ఆ జాబితాలో వున్నవి. మినహాయించినవన్నీ కలిసి మొత్తం ప్రతిఫలంలో సగాన్ని మించితే, మించినంత మేరకు మళ్లీ వేతనంలో కలపవలె.

దీనిని యాజమాన్యాలు ‘మూలవేతనం సగం వుంటే చాలు’ అని ప్రచారం చేస్తున్నవి. ఇది తప్పుడు అర్థం. సగం అనేది మినహాయింపులకు పెట్టిన గరిష్ఠ హద్దు; వేతనానికి పెట్టిన గరిష్ఠ హద్దు కాదు. జాబితాలో పేరు లేనిదంతా, సగంతో నిమిత్తం లేకుండా, మొదటి నుండే వేతనం. ‘స్పెషల్ అలవెన్సు’ అనే పేరు ఆ జాబితాలో ఎక్కడా లేదు. కావున మన ఉద్యోగికి 10,500, 10,300 కలిసి 20,800 వేతనమవుతుంది. 15,000 మాత్రమే వేతనమని ఒప్పుకొని సంఘం సంతకం చేస్తే, సంవత్సరానికి 12,000 రావలసిన గ్రాట్యుటీ 8,654కు పడిపోతుంది. పది సంవత్సరాలకు 33 వేలకు పైగా నష్టం.

ఇక యాజమాన్యాల క్రొత్త ఎత్తుగడ ఏమిటో ఊహించడం కష్టం కాదు. స్పెషల్ అలవెన్సు అనే పేరు ఇక పనికిరాదు. కాబట్టి ఆ సొమ్మును జాబితాలో వున్న పేర్ల క్రిందికి మార్చవలె. మూలవేతనాన్ని సరిగ్గా సగానికి, 15,000కు పెంచి, ఇంటి అద్దె భత్యాన్ని 6,000 చేసి, మిగిలిన 9,000 రూపాయలనూ పెట్రోలు, వాహనం, ఫోను, భోజనం అనే గళ్లలో నింపితే కాగితం మీద అంతా సక్రమంగా కనిపిస్తుంది. మూలవేతనం 10,500 నుండి 15,000 అయినదని ఉద్యోగి సంతోషిస్తాడు. వాస్తవానికి ఆయన వేతనం 20,800 నుండి 15,000కు దిగింది. ఈ పథకాలు పై అధికారుల నుండి సామాన్య ఉద్యోగుల వరకు దిగివస్తున్న వేగానికి పన్ను ఒక్కటే కారణం కాదని మేము చెప్పడానికి ఇదే ఆధారం. పన్ను లేని వానికి పన్ను ఆదా పథకాన్ని ఎందుకు తెస్తారు?

ఈ ఎత్తుగడకు స్మృతిలోనే సమాధానాలున్నవి. ఫోను భత్యాన్ని ‘ఉద్యోగ స్వభావాన్ని బట్టి అయ్యే ప్రత్యేక ఖర్చు’గా చూపుతున్నారు. రోజంతా సంస్థ యిచ్చిన హెడ్‌సెట్ మీద మాట్లాడే ఉద్యోగికి తన ఇంటి ఫోను బిల్లు ఉద్యోగపు ఖర్చు ఎట్లా అవుతుంది? సంస్థ పని కొరకే ఆ ఫోను అవసరమైతే, దాని బిల్లు జీతంలో భాగం కాకుండా జీతానికి అదనంగా రావలె. భోజన కార్డు విషయంలో స్మృతి మరింత స్పష్టంగా వున్నది. వేతనానికి బదులుగా వస్తురూపంలో ఏదైనా ఇచ్చినయెడల, మొత్తం వేతనంలో 15 శాతం మించనంత వరకు దాని విలువను వేతనంలో భాగంగానే భావించవలెనని నిర్వచనం క్రింది వివరణ చెబుతున్నది. మన ఉద్యోగి మీల్ కార్డు 2,200 ఆ హద్దుకు లోబడే వున్నది. దానిని కలిపితే వేతనం 23,000. గ్రాట్యుటీ సంవత్సరానికి 13,269. మా సంఘాలు కోరవలసిన లెక్క ఇది.

వేతనమా, సదుపాయమా?

యాజమాన్యాలను ఒకే ఒక ప్రశ్న అడగవలసి వున్నది. మీల్ కార్డులో వేసే 2,200 రూపాయలు వేతనమా, కాదా?

వేతనమే అంటే, దానిని చట్టం చెప్పిన రూపంలో చెల్లించవలె. వేతనాన్ని నాణేలు, నోట్లు, చెక్కు, బ్యాంకు ఖాతా లేదా ఎలక్ట్రానిక్ పద్ధతి ద్వారా చెల్లించవలెనని స్మృతి చెబుతున్నది. ఈ నియమం వెనుక పెద్ద చరిత్ర వున్నది. ఇంగ్లండులో గని యజమానులు, మిల్లు యజమానులు కూలికి బదులు తమ దుకాణంలో మాత్రమే చెల్లే టోకెన్లు ఇచ్చేవారు. దానిని అరికట్టడానికే 1831లో ట్రక్ చట్టం వచ్చింది. మన దేశంలో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం కూడా చెలామణిలో వున్న నాణేలు, నోట్లలోనే చెల్లించవలెనని శాసించింది. ఆ టోకెనుకూ ఈ కార్డుకూ తేడా లేదని మేము అనము. కార్డు అనేక దుకాణాలలో చెల్లుతుంది; దుకాణం యజమానిది కాదు. కాని దానితో ఇంటి అద్దె కట్టలేము, బడి ఫీజు కట్టలేము, ఊరిలోని తల్లిదండ్రులకు పంపలేము. వీధి చివర ఇడ్లీ బండి మీద తినేవానికి అది పనికిరాదు. కార్డు తీసుకొనే హోటలులో రెట్టింపు ధర పెట్టవలె. గడువు దాటితే మిగిలిన సొమ్ము ఏమవుతుందో కార్డు సంస్థ నిబంధనలలో చిన్న అక్షరాలలో వెదకవలె. చెమటోడ్చి సంపాదించిన సొమ్మును ఎక్కడ ఖర్చు పెట్టవలెనో ఇతరులు నిర్ణయించడం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే.

అది వేతనం కాదు, సదుపాయమే అంటే, దానిని ‘సీ.టీ.సీ.’లో కలిపి ‘మీకు ఇంత జీతం ఇస్తున్నాము’ అని చెప్పడం మానుకోవలె. సదుపాయమంటే వేతనానికి అదనంగా యజమాని తన ఖర్చుతో కల్పించేది. 1948 నాటి కర్మాగారాల చట్టం 250 మందికి పైగా కార్మికులున్న చోట క్యాంటీను నెలకొల్పవలెనన్నది. క్యాంటీను భవనం, పాత్రలు, సిబ్బంది ఖర్చులు యజమాని భరించి, తిండిని లాభం లేని ధరకు పెట్టడం ఆ చట్టం క్రింది నియమాల సారాంశం. ఆ హక్కును కార్మికులు పోరాడి సాధించుకొన్నారు. ఇప్పుడు క్యాంటీనుకు బదులు కార్డు ఇస్తూ, ఆ కార్డులోని సొమ్మును ఉద్యోగి జీతంలో నుండే తీస్తున్నారు. యజమాని బాధ్యత ఉద్యోగి జేబులోనికి మారింది. దానికి సదుపాయమని పేరు.

పెట్రోలు, ఫోను భత్యాల విషయంలో మరొక బాధ వున్నది. తన జీతం తాను పొందడానికి ఉద్యోగి ప్రతి నెలా బిల్లులు సమర్పించవలె. బిల్లు ఇవ్వనివానికి ఆ సొమ్మును సంవత్సరాంతంలో జీతంగా చెల్లించే సంస్థలున్నవి. చెల్లించక మురగబెట్టే పథకాలు కూడా మా దృష్టికి వచ్చినవి. అందువలన కొందరు పెట్రోలు బంకులలో ఇతరుల రశీదులు ఏరుకొని సమర్పిస్తున్నారు. ఇది ప్రమాదకరం. తనిఖీ జరిగిన నాడు దొంగ బిల్లు పెట్టినవాడు ఉద్యోగియే అవుతాడు. ఆ నెపంతో ఉద్యోగం నుండి తొలగించిన నాడు పథకం పెట్టిన యాజమాన్యం వెంట రాదు. మన సభ్యులను ఈ విషయంలో గట్టిగా హెచ్చరించవలె.

ఒక అభ్యంతరం

“భత్యాలన్నీ వేతనంలో కలిపితే ప్రావిడెంట్ ఫండ్ కోత పెరిగి చేతికి వచ్చే జీతం తగ్గిపోతుంది గదా” అని యువ ఉద్యోగులు అంటున్నారు. ఇది తోసిపుచ్చవలసిన మాట కాదు. నగరంలో అద్దెలు కట్టుకొనే వానికి 540 రూపాయలు కూడా లెక్కలోనివే. అయితే ఉద్యోగి వాటాగా కోసే 540 ఆయన ఖాతాలోనే వుంటుంది. దానికి తోడుగా యాజమాన్యం నుండి మరో 540 వస్తుంది. అసలు ప్రమాదం మరొకటి. ‘సీ.టీ.సీ. మారదు’ అని చెప్పి, యాజమాన్యం తన వాటాగా పెరిగిన 540ని కూడా ఉద్యోగి భత్యాల నుండే కోయడానికి చూస్తుంది. చందా కట్టవలసి వచ్చినదన్న కారణం మీద ఉద్యోగి వేతనాన్ని ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని తగ్గించరాదని 1952 చట్టం 12వ విభాగం నిషేధించింది. మన పోరాటం ఆ కోత మీద వుండవలె. చేతికి వచ్చే సొమ్ము తగ్గుతుందన్న భయాన్ని చూపి, ముసలితనపు కూడును వదులుకొమ్మనడం న్యాయం కాదు.

సంఘాలు చేయవలసినది

ఈ పథకాలను మొత్తంగా రద్దు చేయమని మేము కోరడం లేదు. పాత పన్ను విధానంలో వుండి లాభం పొందే ఉద్యోగులు కూడా మన సభ్యులే. వారి లాభాన్ని తీసివేయవలసిన పని లేదు. మనం కోరేది ఒక్కటే: పన్ను కొరకు చేసుకొన్న ముక్కలు, హక్కుల లెక్కలో ముక్కలు కారాదు.

ఇందుకు మొదటి పని ప్రతి శాఖలోనూ కొన్ని పే స్లిప్పులు సేకరించి, మూడు అంకెలు ప్రక్కప్రక్కన వ్రాయడం. మొత్తం ప్రతిఫలం ఎంత, అందులో జాబితా ప్రకారం మినహాయించదగినది ఎంత, యాజమాన్యం గ్రాట్యుటీకి, ప్రావిడెంట్ ఫండ్‌కు వాస్తవంగా లెక్కిస్తున్నది ఎంత. మొదటి దాని నుండి రెండవ దానిని తీసివేస్తే వచ్చే అంకె మూడవ దానికి సమానంగా లేకపోతే తగాదా అక్కడే వున్నట్లు. సభలో ఉపన్యాసం కన్న ఈ మూడు అంకెల కాగితం సభ్యునికి త్వరగా అర్థమవుతుంది.

రెండవది, వేతన ఒప్పందాలలో ఒక నిబంధన చేర్పించడం. ఉద్యోగి ఏ గడిలో ఎంత వేసుకొన్నా, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, ఓవర్‌టైము, సెలవుల నగదు లెక్కలకు ఆ సొమ్మును వేతనంగానే పరిగణించవలెనని అందులో స్పష్టంగా వ్రాయవలె. పట్టిక మీద ఉద్యోగి చేసే సంతకం పన్ను లెక్కకు మాత్రమే వర్తిస్తుందనీ, చట్టపు హక్కులను వదులుకొన్నట్లు కాదనీ కూడా అదే నిబంధనలో వుండవలె. ఫారం నింపనివానికి మొత్తం నగదుగా చెల్లించవలె. బిల్లు ఇవ్వని సొమ్ము మురిగిపోరాదు. ఉద్యోగం విడిచే నాడు కార్డులో మిగిలిన సొమ్ము నగదుగా తిరిగి రావలె.

మూడవది, సంస్థ పని కొరకు అయ్యే పెట్రోలు, ఫోను ఖర్చులను వేతనం నుండి వేరుచేయడం. కలెక్షన్ కొరకు, అమ్మకాల కొరకు తన బండి మీద, తన ఫోనుతో తిరిగే ఉద్యోగి ఖర్చు సంస్థ ఖర్చు. దానిని సంస్థ వేతనానికి అదనంగా, అయినంత మేరకు చెల్లించవలె. ఆ ఖర్చును జీతంలో ఇమిడ్చి చూపడమంటే, యంత్రానికి పోసే నూనె ఖర్చును కార్మికుని కూలిలో నుండి పట్టుకొన్నట్లే.

బేరసారాలలో యాజమాన్యాలు ఇక ‘సీ.టీ.సీ. ఇంత శాతం పెంచుతున్నాము’ అనే భాషలోనే మాట్లాడతాయి. ఆ భాషను మనం అంగీకరించరాదు. పెంపుదల చట్టపు అర్థంలోని వేతనంలో ఎంత, గళ్లలో ఎంత అని అడిగి, సమాధానం వ్రాతపూర్వకంగా పుచ్చుకొనవలె. 30,000 రూపాయల ఉద్యోగికి 3,000 పెంచి, ఆ మూడు వేలనూ పెట్రోలు, భోజనం గళ్లలో వేస్తే ఆయన గ్రాట్యుటీ లెక్కలో ఒక్క రూపాయి పెరగలేదని యాజమాన్యం అంటుంది. ఆ ఒప్పందం మీద సంతకం చేసే ముందు మన ప్రతినిధులు ఈ లెక్క ఒకసారి వేసి చూచుకొనవలెనని మా విజ్ఞప్తి.